పిల్లితో విశాఖ నుంచి హైదరాబాదుకు

పిల్లి తన కూనల్ని ఏడిళ్లు తిప్పుతుందని పెద్దవాళ్లు అంటూంటారు. తల్లి కూన మెడ వెనకున్న వదులు తోలును పళ్లతో మెత్తగా పట్టుకోగానే, కూన కాళ్లు ముడుచుకుని, ఒళ్లు వదిలేసి, కిక్కురుమనకుండా వేలాడుతుంది. అది చూసి పిల్లికి ఇల్లు మారడం కష్టమేమీ కాదనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఎదిగిన పిల్లి సంగతి వేరు. దానికి ఇల్లంటే వాసన. తలుపు చట్రానికీ, మంచం కోడుకీ, మన కాలి మడమకీ అది బుగ్గలు రాస్తూ తిరుగుతుంది చూడండి, అలా రాసినచోటల్లా దాని వాసన అంటుకుంటుంది. మన ముక్కుకి ఏమీ తెలియదు. దానికి మాత్రం ఆ వాసన ఉన్నంత మేరా తన చోటు. ప్రయాణం పెట్టామంటే ఆ గుర్తులన్నిటినీ ఒక్కసారిగా దానికి లేకుండా చేస్తున్నామన్నమాట.

మా పిల్లి చుక్కిని మొదటిసారి రాజమండ్రి నుంచి విశాఖకు తీసుకెళ్లినప్పుడు నాకిదేమీ తెలియదు. సామాన్లు సర్దగా మిగిలిన అట్టపెట్టెకి నాలుగు చిల్లులు పొడిచి, అందులో దాన్ని కుక్కి, పైన పురికొస కట్టాం. తుని దాటాక టీ తాగడానికి కారు ఆపి, పాపం దాహం వేస్తుందేమోనని పురికొస విప్పాను. పెట్టె మూత ఇంకా పూర్తిగా లేవనే లేదు, చుక్కి నా భుజం మీదుగా దూకి, తెరిచి ఉన్న కారు తలుపులోంచి ఆగి ఉన్న లారీల కిందకి వెళ్లిపోయింది. మూడు గంటలు వెతికాం. హోటలు వెనక కట్టెల మోపుల సందులో దొరికింది. నేను పిలిస్తే పలకలేదు, రాలేదు. భయపడిన పిల్లి సొంతవాళ్ల గొంతుకైనా కదలదని అప్పుడే తెలిసింది. దొరకడం అదృష్టం. ఆ రోడ్డు మీద దొరక్కుండా పోయిన పిల్లులు ఎన్నో ఉంటాయి.

నాలుగేళ్ల తర్వాత మళ్లీ ఇల్లు మారాల్సి వచ్చింది. ఈసారి విశాఖ నుంచి హైదరాబాదు, దాదాపు 620 కిలోమీటర్లు. ఈసారి తయారీ మూడు వారాల ముందే మొదలుపెట్టాను. ఈ పూట మీకు చెప్పదలుచుకున్నది ఆ మూడు వారాల గురించే. ప్రయాణం రోజు చేసేది నిజానికి చాలా తక్కువ.

ముందు పెట్టె. షాపులో పిల్లి క్యారియర్ అని అడిగితే ఇస్తారు. గట్టి ప్లాస్టిక్‌తో చేసి, ముందు జాలీ తలుపు ఉండి, పై సగం క్లిప్పులు తీస్తే విడివడి వచ్చేసేది కొనండి. పిల్లి అందులో నిలబడగలగాలి, వెనక్కి తిరగగలగాలి, కాళ్లు ముడుచుకుని పడుకోగలగాలి. అంతకన్నా పెద్దదైతే మలుపుల్లో అటూ ఇటూ దొర్లుతుంది. పై సగం ఊడదీసే వీలెందుకంటే, డాక్టరుగారి దగ్గర భయపడుతున్న పిల్లిని తలుపులోంచి లాగక్కర్లేదు. మూత తీస్తే చాలు, అది కింది సగంలోనే కూర్చుని ఉండగా పరీక్ష చేసేస్తారు. ఎదిగిన పిల్లిని కూనలాగా మెడ తోలు పట్టి ఎత్తకండి. దాని బరువు ఆ తోలు మీద పడితే నొప్పి, భయం రెండూ కలుగుతాయి. ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి వెనక కాళ్ల కింద వేసి ఎత్తాలి.

మొదట్లో పెట్టె కింది సగాన్ని మాత్రమే చుక్కి రోజూ పడుకునే కిటికీ పక్కన పెట్టాను. అందులో నేను కట్టి విడిచిన పాత నూలు చీర మడత పెట్టి వేశాను. ఉతికిన చీర కాదు, విడిచిన చీరే. ఒక మెత్తని గుడ్డతో దాని బుగ్గలు రోజూ కాస్త నిమిరి, ఆ గుడ్డనే పెట్టె లోపల మూలలకి రాశాను. అన్నం గిన్నె మొదట పెట్టె పక్కన, రెండు రోజులయ్యాక పెట్టె అంచు మీద, తర్వాత లోపల. నాలుగో రోజు మధ్యాహ్నం చూస్తే దానంతట అదే అందులో ముడుచుకుని నిద్రపోతోంది. అప్పుడు పై సగం బిగించాను, తలుపు లేకుండా. రెండు రోజులాగి తలుపు తగిలించి తెరిచే ఉంచాను. ఆ తర్వాత లోపల తింటూండగా తలుపు వేసి, తినడం అయ్యేలోపే తీసేశాను. ఇక్కడ మనవాళ్లకి ఓపిక నశిస్తుంది. తలుపు వేసినప్పుడు పిల్లి గోకి, అరిచి, ఆ తర్వాత మనం తీశామనుకోండి, అరిస్తే తలుపు తెరుచుకుంటుందని నేర్చుకుంటుంది. అరవకముందే తీస్తే తలుపు మూసుకోవడం పెద్ద విషయం కాదని నేర్చుకుంటుంది. అందుకే నిమిషం, తర్వాత మూడు నిమిషాలు, పది నిమిషాలు, ఇలా పెంచుకుంటూ పోయాను.

మరి తొందరపడుతున్నామో లేదో ఎలా తెలుస్తుంది? తిండే కొలత. చుక్కికి ఉడకబెట్టిన చేపంటే ప్రాణం. లోపల కూర్చుని చేపముక్క తిన్నంతసేపూ మనం సరైన మెట్టు మీదే ఉన్నాం. ముక్క ముందుంచినా వాసన చూసి వదిలేసిందంటే, చెవులు పక్కలకి వాల్చిందంటే, మాటిమాటికీ మూతి నాక్కుంటోందంటే, ఒక మెట్టు వెనక్కి వెళ్లాలి. కారులో మొదటిసారి ఇంజను స్టార్టు చేసిన రోజు మాకు అదే జరిగింది. అంతకుముందు రోజు ఇంజను ఆపి ఉన్న కారులో హాయిగా తిన్న పిల్లి, ఇంజను మోతకి చేప వైపు చూడనైనా లేదు. రెండు రోజులు మళ్లీ ఆగిన కారులోనే భోజనం పెట్టాను. మూడో రోజు ఇంజను వేసి రెండు నిమిషాల్లో ఆపేశాం. వారం తిరిగేసరికి వీధి చుట్టూ అయిదు నిమిషాలు, తర్వాత గాజువాక దాకా వెళ్లి రావడం. వెళ్లిన ప్రతిసారీ తిరిగి ఇంటికే వస్తామన్నది దానికి అర్థమయింది. అంతవరకు దాని దృష్టిలో కారెక్కడమంటే సూది పొడిపించుకోవడమే కదా.

మూడో వారంలో పశువైద్యుడి దగ్గరికి వెళ్లాం. చుక్కికి కారు ఊగుడుకి చొంగ కారడం, అప్పుడప్పుడు వాంతి ఉండేవి. కొన్ని పిల్లులకి భయం వల్ల, కొన్నిటికి కుదుపు వల్ల, చాలావాటికి రెండూ కలిసి వస్తుంది. డాక్టరుగారు వాంతికి ఒక మందు, భయానికి గాబాపెంటిన్ 100 మిల్లీగ్రాముల గుళిక రాశారు. చుక్కి నాలుగు కిలోలు. గుళిక విప్పి, లోపలి పొడిని చెంచాడు చేప గుజ్జులో కలిపి, బయలుదేరడానికి రెండు మూడు గంటల ముందు ఇవ్వాలి. ఆయన ఒక మాట గట్టిగా చెప్పారు. "అమ్మా, ప్రయాణం రోజునే మొదటిసారి వెయ్యకండి. ముందు ఇంట్లో ఒక సెలవురోజు వేసి చూడండి." వేసి చూశాం. రెండు గంటలకి మగతగా, నడకలో కాస్త తూలుతూ కనిపించింది. సోఫా ఎక్కబోయి జారింది. సాయంత్రానికి మామూలయిపోయింది. ఆ తూలుడు ముందు చూడకపోయి ఉంటే, ప్రయాణం మధ్యలో ఏదో అయిపోయిందని మేం హడలిపోయి ఉండేవాళ్లం. మూత్రపిండాల జబ్బున్న పిల్లికి ఈ మందు మోతాదు తగ్గించాల్సి ఉంటుంది. అందుకని పక్కింటివాళ్ల పిల్లికి రాసింది మన పిల్లికి వెయ్యకూడదు.

ఇంకొక సంగతి ఎంతో ఆందోళనతో చెబుతున్నాను. మన ఇళ్లలో జ్వరానికీ ఒళ్లునొప్పులకీ వేసుకునే పారాసిటమాల్ పిల్లికి విషం. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క మామూలు బిళ్ల చాలు, ప్రాణం పోవడానికి. చిగుళ్లు నీలంగా, గోధుమరంగులోకి మారతాయి, ముఖం, పాదాలు వాస్తాయి, ఊపిరి అందదు. ప్రయాణంలో పిల్లి నలతగా ఉందని జాలిపడి మన మందుల సంచిలోంచి దేన్నీ తీసి వెయ్యకండి. మనం బస్సెక్కేముందు వేసుకునే వాంతి బిళ్ల కూడా వద్దు.

మేం డిసెంబరులో, తెల్లవారుజామున 4 గంటలకి బయలుదేరాం. ఎండాకాలమైతే ఆ వేళ ఇంకా ముఖ్యం. చివరి భోజనం ముందురోజు రాత్రి 10 గంటలకి, మామూలుగా పెట్టేదాంట్లో సగం. నీళ్లు మాత్రం ఆపలేదు. పాలు ఆ రోజు ముట్టనివ్వలేదు. పిల్లికీ పాలకీ మనం ఎంత ముడిపెట్టినా, ఎదిగిన పిల్లులు చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. ఇంట్లో అయితే మట్టిలో కప్పేసుకుంటుంది కాబట్టి మనకి తెలియదు, పెట్టెలో అయితే పదమూడు గంటలూ దాంట్లోనే కూర్చోవాలి. ఎదిగిన ఆరోగ్యమైన పిల్లికి ఆరేడు గంటలు కడుపు ఖాళీగా ఉంటే నష్టం లేదు. చిన్న కూనలకీ, షుగరు జబ్బున్న పిల్లులకీ అది పనికిరాదు, వాటి సంగతి డాక్టరునే అడగాలి.

పెట్టె అడుగున తడి పీల్చే ప్యాడ్, దానిమీద అదే పాత చీర. పెట్టెను ముందు సీటులో పెట్టకూడదు, గాలిసంచి విచ్చుకుంటే ఆ దెబ్బకి పెట్టె నలిగిపోతుంది. వెనక సీటు మీద వదిలేస్తే సడన్‌గా బ్రేకు పడ్డప్పుడు ఎగిరి పడుతుంది. ముందు సీటుకి వెనక, మనం కాళ్లు పెట్టుకునేచోట నేలమీద పెట్టి, కదలకుండా పక్కల దుప్పట్లు కూరాం. అక్కడ కుదుపు కూడా తక్కువ. పైన పలచటి నూలు టవలు కప్పాం, తలుపు వైపు సగం తెరిచి. కదిలే చెట్లూ లారీలూ కనిపించకపోతే పిల్లి త్వరగా సర్దుకుంటుంది, కానీ గాలి ఆడాలి. ఏసీ గాలి నేరుగా పెట్టెలోకి కొట్టకుండా చూసుకోండి.

అనకాపల్లి దాటేదాకా అరిచింది. ఆ అరుపు వింటూ కూర్చోవడం కష్టమే. తీసి ఒళ్లో పెట్టుకోవాలనిపిస్తుంది. పెట్టుకోలేదు. కారులో వదిలిన పిల్లి ముందుగా దూరేది డ్రైవరు కాళ్ల సందుకే, బ్రేకు కిందకి. నేను జాలీలోంచి రెండు వేళ్లు లోపల పెట్టి ఉంచాను. తుని దగ్గరికి వచ్చేసరికి నిద్రపోయింది. రాజమండ్రి, ఏలూరు, విజయవాడ దాటాక సూర్యాపేట, ఈ మూడు చోట్ల ఆగాం. ఆగిన ప్రతిచోటా ఒకే పద్ధతి. నాలుగు తలుపులూ వేసి, అద్దాలన్నీ ఎక్కించి, అందరం సరిగ్గా కూర్చున్నాక మాత్రమే పెట్టె తలుపు తీశాం. చుక్కికి ఒంటికి జీను, అంటే ఛాతీ చుట్టూ వచ్చే పట్టీలు, దానికి తాడు ఇంటి దగ్గరే కట్టి ఉంచాం. మెడ పట్టీ ఒక్కటే నమ్మకండి, భయపడిన పిల్లి వెనక్కి జరుగుతూ తల లాగేసుకుంటుంది. జీనులోంచి కూడా జారగలదు గనక అది రెండో రక్షణ మాత్రమే, మొదటిది మూసిన తలుపులే. చదునైన గిన్నెలో నీళ్లు, పక్కన చిన్న తొట్టిలో ఇసుక పెట్టి పావుగంట చూశాం. ఏలూరులో నాలుగు గుక్కలు తాగింది. ఇసుక వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు. చాలా పిల్లులు ప్రయాణంలో ఒంటికి వెళ్లవు, బిగబట్టుకుంటాయి. దానికి గాభరా పడనక్కర్లేదు.

మరి గాభరా పడాల్సింది దేనికి? పిల్లి నోరు తెరిచి కుక్కలా రొప్పడం మొదలుపెడితే. భయంతో కాసేపు రొప్పవచ్చు, కారు ఆపి, చల్లబరిచి, చీకటి చేస్తే పది నిమిషాల్లో తగ్గిపోతుంది. తగ్గకపోతే, చిగుళ్లు ఎర్రగా కందిపోతే, చొంగ జారుతూ సోలిపోతే అది వడదెబ్బ. పాదాలనూ పొట్టనూ మామూలు చల్లని నీళ్లతో తడిపి, గాలి తగిలిస్తూ దగ్గర్లోని పశువైద్యశాలకి తీసుకెళ్లాలి. ఐసు నీళ్లు పొయ్యకూడదు. ఎండలో ఆపిన కారులో పది నిమిషాల్లోనే వేడి పది డిగ్రీల దాకా పెరిగిపోతుంది. అందుకే మేం భోజనానికి వంతులవారీగా దిగాం, ఒకరు ఎప్పుడూ పిల్లితోనే ఉన్నారు.

రైలు సంగతి అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. మన రైళ్లలో పెంపుడు జంతువుని మనతో ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీలో రెండు బెర్తుల కూపే గానీ నాలుగు బెర్తుల క్యాబిన్ గానీ పూర్తిగా మనదై ఉండాలి. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపరుల్లో వీల్లేదు. చిక్కేమిటంటే టిక్కెట్టు కొన్నప్పుడు కూపే వస్తుందో రాదో తెలియదు, చార్టు తయారయినప్పుడే తేలుతుంది. అందుకే ఇద్దరి టిక్కెట్లూ ఒకే పీఎన్ఆర్ మీద తీసుకుని, కూపే కావాలని రైల్వే అధికారులకి ముందే అర్జీ పెట్టుకోవాలి. కూపే ఖాయమయ్యాక రైలు టైముకి రెండు మూడు గంటల ముందు స్టేషనులో పార్సిల్ ఆఫీసుకి వెళ్లి, పిల్లికి లగేజీ రుసుము కట్టి రసీదు తీసుకోవాలి. టీకాల కార్డు, ఒకటి రెండు రోజుల ముందు పశువైద్యుడు ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం, మన గుర్తింపు కార్డు చేతిలో ఉండాలి. పిల్లిని గార్డు బోగీ పెట్టెలో పంపే మార్గం కూడా ఉంటుంది. నేనైతే ఆ పని చెయ్యను. రాత్రంతా చక్రాల మోతలో, వేడిలో, ఒక్కతే ఉంటుంది. దానికి ఏమవుతోందో చూసేవాళ్లుండరు. కూపేలోనైనా పెట్టె తీసేముందు గడియ వేసి, బెర్తు కింద దూరడానికి సందులేమైనా ఉన్నాయేమో వంగి చూడండి. తలుపు తట్టిన చప్పుడైతే ముందు పిల్లి పెట్టెలోకి, తర్వాతే గడియ తియ్యడం. ప్లాట్‌ఫారం మీద మాత్రం ఎంత అరిచినా, ఎంత జాలేసినా తియ్యకండి.

బస్సయితే రెండు మూడు గంటల దూరానికి మించి నేను వద్దంటాను. మనకి కావలసినచోట ఆగదు, మూసుకునే తలుపు మన చేతిలో ఉండదు. తప్పనప్పుడు టిక్కెట్టు కొనకముందే అడిగి ఒప్పించుకుని, ఇంజను వేడి తగలని మధ్య వరస చూసుకుని, పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. దారిలో దాన్ని అసలు తెరవకండి.

మేం సాయంత్రం 5 గంటలకి హైదరాబాదు చేరాం. ఇల్లంతా సామానుతో, కూలీలతో గందరగోళంగా ఉంది. చుక్కికని ముందే ఒక చిన్న గది ఖాళీగా ఉంచాం. ఒక మూల ఇసుక తొట్టి, దానికి దూరంగా ఇంకో మూల నీళ్లు, తిండి. తొట్టిలో కొత్త ఇసుకతో పాటు పాత ఇంటి తొట్టిలోంచి రెండు గుప్పిళ్లు తెచ్చి కలిపాం. కిటికీ మూసి, గది తలుపు వేసి, పెట్టె తలుపు తీసి నేను గోడకి ఆనుకుని కూర్చున్నాను. అది బయటికి రాలేదు. బయటికి లాగలేదు. రెండు గంటల తర్వాత ముక్కు బయటపెట్టింది, మళ్లీ లోపలికి పోయింది. రాత్రి 10 గంటలకి ఇసుక గోకిన చప్పుడైంది, ముందురోజు రాత్రి తర్వాత అదే మొదటిసారి. ఒక రోజంతా గడిచినా వెళ్లకపోతే డాక్టరుకి చూపించాలి. మగపిల్లి అయితే, అదీ తొట్టిలో కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పొయ్యకపోతే, తెల్లారేదాకా ఆగకూడదు. మూత్రం దారి మూసుకుపోయి ఉంటుంది, గంటల్లో ప్రాణం మీదకి వస్తుంది. తిండి విషయంలోనూ అంతే, రెండు రోజులు ఏమీ తినకపోతే కాలేయం దెబ్బతినడం మొదలవుతుంది, ముఖ్యంగా ఒళ్లు చేసిన పిల్లులకి. చుక్కి మర్నాడు పొద్దున చేప తినేసింది.

వారం తర్వాత మిగతా గదుల్లోకి వదిలాం. ముందు వంటిల్లు, తర్వాత హాలు. వీధి తలుపు వైపు మూడు వారాలు పోనివ్వలేదు. ఒకరోజు పొద్దున అది హాల్లో తలుపు చట్రానికి మెల్లగా బుగ్గ రాయడం చూశాను. పెట్టె ఇప్పటికీ కిటికీ కిందే ఉంది, తలుపు తెరిచి. లోపల ఆ చీర ఇంకా ఉతకలేదు.